రాగుల్లో ఇనుము ఒంటికి పట్టాలంటే: నానబెట్టాలా, మొలకెత్తించాలా, పులియబెట్టాలా?

100 గ్రాముల రాగుల్లో దాదాపు 4.6 మి.గ్రా. ఇనుము ఉంటుంది. దానితో పాటు సుమారు 300 మి.గ్రా. ఫైటిక్ ఆమ్లం కూడా ఉంటుంది. మొలక రేపు వాడుకునేందుకు గింజ భాస్వరాన్ని దాచుకునే రూపమిది. మన పేగులోకి వచ్చాక ఇది ఇనుమును, జింకును పట్టుకుని కరగనివ్వదు. కరగని ఇనుము రక్తంలోకి చేరదు.

అణువుల లెక్క వేస్తే రాగుల్లో ఒక్కో ఇనుము అణువుకు అయిదారు ఫైటిక్ ఆమ్లం అణువులు ఉన్నట్టు తేలుతుంది. ఇనుము చెప్పుకోదగ్గంత ఒంటికి పట్టాలంటే ఆ సంఖ్య ఒకటికి దిగువకు రావాలి, 0.4 దాకా తగ్గితే మరీ మంచిది. ఒకటికి రావాలన్నా 300 మి.గ్రా. కాస్తా 55 కి పడిపోవాలి. సగం తగ్గించి ఊరుకుంటే పెద్దగా ఒరిగేది లేదు. మూడు పద్ధతుల్నీ ఈ గీటురాయి మీదే చూడాలి.

ముందుగా నానబెట్టడం. ఫైటిక్ ఆమ్లాన్ని విడగొట్టే ఎంజైమ్ పేరు ఫైటేజ్. గోధుమల్లో ఇది దండిగా ఉంటుంది. రాగులు, జొన్నలు, మొక్కజొన్న, బియ్యంలో చాలా తక్కువ. అందుకే రాత్రంతా మామూలు నీళ్లలో నానిన రాగుల్లో ఫైటిక్ ఆమ్లం కొద్దిగానే తగ్గుతుంది. నానబెట్టిన నీళ్లు పారబోస్తే నీళ్లలోకి దిగిన కొంత ఆమ్లం పోతుంది, దాంతో పాటు కొన్ని ఖనిజాలూ పోతాయి. నానబెట్టడాన్ని మిగతా రెంటికీ తొలి మెట్టుగానే చూడాలి తప్ప, అదొక్కటే చాలదు.

మొలకెత్తించడం దీనికంటే ఎంతో మేలు. మొలక వచ్చేటప్పుడు గింజ తనకు కావలసిన ఫైటేజ్‌ను తానే తయారు చేసుకుంటుంది. రాత్రి నానబెట్టి, నీళ్లు వంచి, తడి గుడ్డలో మూటకట్టి ఒకటి రెండు రోజులు ఉంచాలి. తెల్లటి ముక్కు కనబడగానే ఎండబెట్టేయకుండా, మొలక కొంచెం సాగేదాకా ఆగితే ఎంజైమ్ ఎక్కువసేపు పనిచేస్తుంది. మూట జిగటగా తగిలినా, బూజు వాసన వచ్చినా ఆ గింజలు పారేయాల్సిందే. అయితే ఇంట్లో మొలకెత్తించినంత మాత్రాన 55 కి చేరడం కష్టం.

పులియబెట్టడంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది: ముందు పులియబెట్టి తర్వాత వండుతున్నామా, వండాక పులియబెడుతున్నామా అన్నది. పచ్చి పిండిని నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచితే పులుపు పెరిగి, ఫైటేజ్‌కు అనువైన ఆమ్లత వస్తుంది. పొద్దున్నే దాన్ని మరిగే నీళ్లలో పోసి అంబలి కాస్తే, ఆ లోపే కొంత పని జరిగిపోయి ఉంటుంది. అదే సంకటి వండి, చల్లారాక నీళ్లు పోసి మర్నాటికి పులియనిస్తే, మంటకు ఎంజైమ్ చచ్చిపోయి ఉంటుంది. ఫైటిక్ ఆమ్లం మాత్రం వేడికి అంతగా చెక్కుచెదరదు. రెండో పద్ధతిలో పులుపు వస్తుంది, రుచి వస్తుంది, ఫైటిక్ ఆమ్లం మాత్రం అంతగా తగ్గదు.

నా ఓటు మొలకెత్తిన రాగులను ఎండబెట్టి, వేయించకుండా పట్టించిన పిండిని పులియబెట్టి కాసిన అంబలికి. మొలకలో తయారైన ఎంజైమ్ పిండిలో మిగిలే ఉంటుంది కాబట్టి పులుపు దానికి కలిసొస్తుంది. మొలకల పిండి లేకపోతే, మామూలు రాగిపిండి కలిపేటప్పుడు తాజాగా పట్టించిన పొట్టుతో ఉన్న గోధుమపిండి కొంచెం కలపండి. దాని ఫైటేజ్ రాగులకూ పనికొస్తుంది. పొద్దున్నకు బుడగలు, పుల్లటి వాసన రాకపోతే పులియలేదని అర్థం. చలికాలంలో మరికొన్ని గంటలు పడుతుంది.

ఇంత చేసినా రాగి పొట్టులోని టానిన్లు ఇనుమును ఇంకో వైపు నుంచి పట్టుకుంటాయి. దీనికి విరుగుడు విటమిన్ సి. పొయ్యి దించి, గోరువెచ్చగా అయ్యాక నిమ్మరసం పిండుకోవాలి, లేదా అంబలితో పాటు జామపండో ఉసిరికాయో తినాలి. ముందురోజు ఏ ఏర్పాటూ చేసుకోలేని ఇంట్లో ఉత్త నానబెట్టడం కంటే నిమ్మచెక్కే ఎక్కువ ఉపకారం చేస్తుంది. అంబలిలో మజ్జిగ కలపడం మన అలవాటు. కాల్షియం కోసమైతే అది మంచిదే, కానీ ఆ కాల్షియమే ఇనుమును కొంత అడ్డుకుంటుంది. రక్తహీనత ఉన్నవాళ్లు మజ్జిగను మరో పూటకు మార్చుకోవడం మేలు. భోజనం వెంటనే టీ తాగడం కూడా మానాలి.

పప్పుల సంగతి కొంచెం వేరు. గోధుమ, వరిలో ఫైటిక్ ఆమ్లం ఎక్కువగా తవుడులో ఉంటే, పప్పుల్లో అది బద్దలోనే ఉంటుంది. పొట్టు తీసిన పెసరపప్పయినా దాని నుంచి తప్పించుకోలేదు. బద్ద మొలకెత్తదు కాబట్టి మొలకల కోసం పొట్టుతో ఉన్న పెసలే తీసుకోవాలి. ఇడ్లీపిండిని పచ్చిగానే పులియబెట్టి తర్వాత ఆవిరి మీద ఉడికిస్తాం కాబట్టి వరుస సరైనదే.

డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని అంబలితో పాటు మింగకుండా, రెంటికీ మధ్య ఒకటి రెండు గంటల ఎడం ఉంచుకోవాలి.