జాగ్రత్త: స్టిల్ట్ ప్లస్ టూ పర్మిషన్ ఉన్న బిల్డింగ్‌లో నాలుగో ఫ్లోర్ ఫ్లాట్ కొంటున్నారా?

హైదరాబాద్‌లో ఈ బాపతు బిల్డర్లు మీకు తెలియనివాళ్లేం కాదు, కాబట్టి ఉపోద్ఘాతం పెట్టను. 200 గజాల ప్లాటు, పర్మిషన్ స్టిల్ట్ పార్కింగ్ ప్లస్ రెండు ఫ్లోర్లకి. కట్టింది నాలుగు ఫ్లోర్లు. నాలుగో ఫ్లోర్ ఫ్లాట్ "కొంచెం తక్కువకి" అమ్మాడు. రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరొచ్చింది, ఇంటి పన్ను నంబరు కూడా వచ్చింది. ఇప్పుడు గేటుకి జీహెచ్‌ఎంసీ చట్టం సెక్షన్ 452 కింద షోకాజ్ నోటీసు అంటించి ఉంది.

నోటీసు ఫొటో పంపగానే బిల్డర్ ఏమన్నాడో వినండి. మొదట "ఇవి మామూలేనండీ, నేను చూసుకుంటా" అన్నాడు. రెండోసారి ఫోన్ చేస్తే, "సేల్ డీడ్ మీ పేర ఉంది కదా సార్, నోటీసు మీకే వస్తుంది, నాకెందుకొస్తుంది?" అన్నాడు. డబ్బు తీసుకునేటప్పుడు 'అన్నా' అని పిలిచిన నోరే అది. ఒళ్లు మండే విషయమేంటంటే, ఆ ముక్కలో సగం నిజం. నోటీసు ఇప్పుడు ఇంట్లో ఉన్నవాడి మెడకే చుట్టుకుంటుంది.

ముందు ఒక భ్రమ వదిలించుకోవాలి. "మున్సిపాలిటీయే పన్ను కట్టించుకుంటోంది, ఇక అక్రమం ఎలా అవుతుంది?" అని అందరూ అడుగుతారు. పర్మిషన్ లేని ఫ్లోర్‌కి మామూలు పన్ను మీద అంతే పెనాల్టీ వేసి, డబుల్ కట్టించుకుంటారు. ఆ పన్ను వేసినంత మాత్రాన కూల్చే హక్కు పోదు. పాత పన్ను రసీదు తీసి చూడండి, పెనాల్టీ పడి ఉంటే మీ ఫ్లోర్‌కి పర్మిషన్ లేదని ఆఫీసు రికార్డుల్లో ఎప్పుడో ఎక్కినట్టే. రసీదులు ఫైల్లో భద్రంగా దాచుకున్నాం, వాటి మీద ఏం రాసుందో మాత్రం చదవలేదు. శభాష్ మనం.

ఇక జవాబు. నోటీసులో గడువు తక్కువ రోజులుంటే హడలిపోకండి, అలాగని పక్కన పడేయకండి. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఉండాలి. దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, బిల్డింగ్‌కీ అంటించాలి. ఏ ఉల్లంఘన జరిగిందో, వ్యక్తిగతంగా విచారణ ఏ తేదీనో అందులో రాయాలి. తర్వాత ఇచ్చే తుది ఉత్తర్వులో మన వాదన ఏమిటి, దాన్ని ఎందుకు కాదన్నారు, జరిమానాతో సరిపెట్టే వీలుందా, లేకపోతే కూల్చడం తప్ప దారి ఎందుకు లేదు అన్నవి రాయాలి. ఉత్తర్వు తర్వాత ఇంకో 15 రోజులు ఆగాలి.

అయితే ఇక్కడే ఒక మెలిక. కట్టడం రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు లాంటి చోట ఉన్నా, కోర్టే కూల్చమని చెప్పినా ఈ రక్షణ వర్తించదు. అందుకే నోటీసు పైన 'రిఫరెన్స్' అని ఉన్న చిన్న అక్షరాలు చదవండి. అక్కడ రిట్ పిటిషన్ నంబరు కనిపిస్తే, పక్కింటివాళ్లో ఇంకెవరో అప్పటికే హైకోర్టుకి వెళ్లారన్నమాట. వెంటనే ఆ కేసులో ఏం ఆర్డరొచ్చిందో తెలుసుకుని, అందులో పార్టీగా చేరాలి. ఉత్త జవాబుతో ఒరిగేదేమీ ఉండదు.

జవాబులో నోటీసు నంబరు, మీకు అందిన తేదీ, సేల్ డీడ్ నంబరు రాయండి. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, కొలతల కాపీ ఇవ్వమని అడగండి. వ్యక్తిగత విచారణ కావాలనీ, ఏ భాగం జరిమానాతో క్రమబద్ధం అవుతుందో పరిశీలించాలనీ కోరండి. "ఈ ఫ్లోర్ ఎప్పటినుంచో ఉంది" అని మాత్రం రాయకండి. పాత ఉపగ్రహ చిత్రాలు, మీటరు ఇచ్చిన తేదీ చూస్తే ఐదు నిమిషాల్లో బయటపడుతుంది, ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. కాగితాన్ని ఆఫీసులో అర్జీలు తీసుకునే ఇన్‌వార్డు విభాగంలో ఇచ్చి, ముద్ర, నంబరు, తేదీ ఉన్న కాపీ వెనక్కి తీసుకోండి. కేబిన్‌లో ఎవరి చేతికో ఇచ్చి "సార్‌కి ఇచ్చాం" అంటే కోర్టులో దానికి విలువ లేదు.

జవాబు పట్టించుకోకుండా తుది ఉత్తర్వు ఇచ్చేస్తే హైకోర్టులో రిట్ వేస్తారు. ఆ ఇన్‌వార్డు ముద్రే అప్పుడు ప్రాణం. ఎక్కువగా జరిగేది ఇది: జవాబును పరిశీలించి, కారణాలతో మళ్లీ ఉత్తర్వు ఇవ్వమని కోర్టు వెనక్కి పంపుతుంది, అప్పటిదాకా యథాతథ స్థితి. లాయరు ఫోన్ చేసి "స్టే వచ్చింది" అనగానే స్వీట్లు పంచకండి. వచ్చింది టైమే, ఫ్లోర్‌కి పర్మిషన్ కాదు. యథాతథ స్థితి ఉండగా పైన రేకుల షెడ్డు వేసినా కోర్టు ధిక్కారం మీ మీదికే వస్తుంది.

క్రమబద్ధీకరణ సంగతి. బిల్డర్ నోట మూడు మాటలు వస్తాయి. మొదటిది, రివైజ్డ్ ప్లాన్. 200 గజాలంటే దాదాపు 167 చదరపు మీటర్లు, ఇంత ప్లాటుకి ఎత్తు పరిమితి 10 మీటర్లు. ఫ్లోర్‌కి మూడేసి మీటర్ల చొప్పున లెక్కేసుకున్నా, స్టిల్ట్ వదిలేసి నాలుగు ఫ్లోర్లకి 12 మీటర్లవుతుంది. మూడో ఫ్లోర్ గురించి టౌన్‌ప్లానింగ్‌లో అడిగి చూడొచ్చేమో, నాలుగోది ఏ ప్లాన్‌లోనూ పట్టదు. రెండోది, "కాంపౌండింగ్ కట్టేద్దాం", అంటే జరిమానా కట్టి సరిచేసుకోవడం. అది సెట్‌బ్యాక్‌లో, అంటే బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీలో, పది శాతం లోపు తేడాలకే, అదనపు ఫ్లోర్‌కి కాదు. మూడోది బీఆర్‌ఎస్, అంటే అక్రమ కట్టడాల కోసం తెచ్చిన బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. 2015 నాటి ఆ పథకానికి కటాఫ్ 28-10-2015. తర్వాత కట్టినదానికి అది వర్తించదు, అంతకుముందువేమో దరఖాస్తు పెట్టి కోర్టు కేసుల్లో చిక్కుకున్నాయి. "మళ్లీ స్కీమ్ వస్తుంది సార్" అన్న మాటకి లక్షలు పోస్తే ఆ లక్షలూ పోయినట్టే. 2024 డిసెంబర్‌లో, మళ్లీ 2025 ఏప్రిల్‌లో కూడా అక్రమ కట్టడాల మీద జాలి చూపకూడదనే సుప్రీంకోర్టు చెప్పింది.

బిల్డర్ మీద రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాకి వెళ్దామనుకునేవాళ్లకి: 500 చదరపు మీటర్లు దాటని స్థలానికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న ప్లాట్లలోనే ఈ ఆట ఆడటానికి అదీ ఒక కారణం. మిగిలేది వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లాలో, దాటితే రెండు కోట్ల దాకా రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. గడువు రెండేళ్లు. అందుకని వాడి వాట్సాప్ మెసేజులు, కాల్ రికార్డింగులు, బ్రోచరు, ముఖ్యంగా "ఫుల్ పర్మిషన్" అని చెప్పిన ఆడియో ఇప్పుడే వేరేచోట దాచండి. ఫోన్ మార్చేటప్పుడు పోతే మళ్లీ రాదు.

కొనబోయేవాళ్లు అడ్వాన్సుకి ముందు మంజూరైన ప్లాన్ అడిగి, అందులో ఫ్లోర్లు లెక్కపెట్టి, కింద నిలబడి బిల్డింగ్‌లోనూ లెక్కపెట్టుకోండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ "వచ్చేస్తుంది" అంటే వచ్చాకే రమ్మనండి.