డూప్లికేట్ పాటలు ఏరడం: పేరు, ట్యాగ్, ఫింగర్‌ప్రింట్ – ఏది మేలు?

తాడిపత్రిలో మైక్‌సెట్ నడిపే మా మామ హార్డ్‌డిస్క్ నేను సర్దుతున్నానని తెలిసినప్పటి నుంచి అందరూ ఇదే అడుగుతున్నారు. "ఒకే పాట నాలుగైదు చోట్ల ఉంది, ఏ పద్ధతిలో ఏరేయాలప్పా?" అని. ఆ డిస్క్‌లో 18,600 పాటలున్నాయి. ఇరవై ఏళ్లుగా సీడీలు, మెమరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు, కొన్ని క్యాసెట్ల నుంచి వచ్చి చేరినవి. పెళ్లిలో ఒకే పాట అరగంటలో రెండుసార్లు మోగేసరికి పెళ్లికొడుకు బాబాయి మైకు దగ్గరికే వచ్చి అడిగాడట.

పేరుతో వెతకడం మన పాటలకు పెద్దగా పనికిరాదు. తెలుగు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకరు chitti అని, ఇంకొకరు chitty అని రాస్తారు. సీడీ నుంచి తీసినదైతే Track 07.mp3 అని ఉంటుంది. మామ దగ్గర ఆ పేరుతోనే ముప్పైకి పైగా ఫైళ్లున్నాయి, అన్నీ వేరు వేరు పాటలు. ట్యాగ్‌లు కొంచెం నయం అనుకుంటాం కానీ, డౌన్‌లోడ్ సైట్లు పాట పేరు ఉండాల్సిన చోట తమ పేరే రాసుకున్నాయి.

ఫైల్ మొత్తానికి md5 అనే గుర్తింపు సంఖ్య తీస్తే అచ్చంగా ఒకటే అయిన కాపీలు దొరుకుతాయి. కానీ ట్యాగ్‌లో ఒక్క అక్షరం మారినా అది వేరే ఫైల్ కిందే లెక్క. అందుకే ట్యాగ్ వదిలేసి ఆడియోకు మాత్రమే md5 తీయాలి:

```
ffmpeg -v error -i "Track 07.mp3" -map 0:a -c copy -f md5 -
```

ఇందులో రెండు ఫైళ్లకు ఒకే సంఖ్య వస్తే ఒకటి కళ్లు మూసుకుని తీసేయొచ్చు. నేను ముందు ఇదే నడిపించాను. కానీ అదే పాట 128 కేబీపీఎస్‌లో ఒకటి, 320లో ఒకటి ఉంటే ఇది పట్టలేదు. అసలు పని అక్కడే ఉంది, దానికి పాట ధ్వని నుంచే తీసే గుర్తు, అంటే ఫింగర్‌ప్రింట్ కావాలి.

చాలా టూల్స్ వాడేది క్రోమాప్రింట్ పద్ధతి. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పాటను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో పన్నెండు స్వరస్థానాల్లో దేని బలం ఎంత ఉందో చూస్తుంది. మంద్రమా, తారమా అన్నది పట్టించుకోదు. ఆ బలాలు ఎలా మారుతున్నాయన్నదాన్ని 32 బిట్ల సంఖ్యలుగా రాస్తుంది. సెకనుకు దాదాపు ఎనిమిది సంఖ్యలు వస్తాయి. వాటిని చూపే కమాండ్ ఇది:

```
fpcalc -raw -length 120 "Track 07.mp3"
```

రెండు పాటల సంఖ్యలను పక్కపక్కన పెట్టి ఎన్ని బిట్లు తేడా ఉన్నాయో లెక్కపెట్టడమే పోలిక. సంబంధం లేని పాటలైతే సుమారు సగం బిట్లు తేడా వస్తాయి. ఒకే రికార్డింగ్‌కు 128, 320 కాపీలైతే తేడా చాలా తక్కువ. ఒక కాపీ మొదట్లో రెండు సెకన్ల నిశ్శబ్దం ఉంటే, సంఖ్యలను అంత మేర జరిపి పోల్చాలి. 18,600 పాటలంటే 17 కోట్లకు పైగా జతలు కాబట్టి ఇదంతా చేత్తో చేసే పని కాదు. నేను డూప్లికేట్లు ఏరే Czkawka అనే ప్రోగ్రామ్ వాడాను. దాని మ్యూజిక్ విభాగంలో ట్యాగ్‌లతోనూ, పాటలోని ధ్వనితోనూ వెతకొచ్చు. టైటిల్ దగ్గరగా ఉన్నవాటినే పోల్చే ఆప్షన్ ఒకటుంది, దాన్ని ఆపేయండి. లేకపోతే మళ్లీ పేర్ల గొడవలోకే వెళ్తాం.

ఇంటర్నెట్‌లో అకౌస్ట్ఐడీ డేటాబేస్‌ను అడిగే దారి కూడా ఉంది. పేరు లేని పాటకు పేరు కనుక్కోవడానికి అది మంచిదే. కానీ ఎవరో ముందే ఎక్కించిన పాటే అక్కడ దొరుకుతుంది. ఊరి జాతర క్యాసెట్ అక్కడ ఎందుకుంటుంది? మన దగ్గరున్న రెండు ఫైళ్లను పోల్చుకోవడానికి ఆ డేటాబేస్‌తో పనే లేదు.

ఫింగర్‌ప్రింటే మేలని నేను తేల్చుకున్నాను. అయినా మన పాటల్లో అది బోల్తాపడే చోటు ఒకటుంది: డబ్బింగ్ పాటలు. తమిళ పాట, దాని తెలుగు డబ్బింగ్ రెండింటికీ వాద్యాల ట్రాక్ ఒకటే, ట్యూన్ ఒకటే, మారేది మాటలే. క్రోమాప్రింట్ చూసేది స్వరాలను, మాటలను కాదు. మామ డిస్క్‌లో మొదటిసారి వచ్చిన జాబితాలో ఇలాంటి జతలు బోలెడు. నేను ఆలోచించకుండా డిలీట్ కొట్టి ఉంటే తమిళం మిగిలి తెలుగు పోయేది.

Czkawkaలో ఎంత తేడా వరకు ఒప్పుకోవాలి, ఎన్ని సెకన్ల ముక్క కలవాలి అని రెండు సెట్టింగ్‌లుంటాయి. సినిమా పాటలో మొదటి బీజీఎం ఒక్కటే అర నిమిషం ఉండొచ్చు. ముక్క పొడవు పది సెకన్లని పెడితే ఆ బీజీఎం కలవగానే డూప్లికేట్ అని చెప్పేస్తుంది. నేను దాన్ని 60 సెకన్లకు పెంచి, తేడాను తగ్గించాను. డబ్బింగ్ జతలు చాలావరకు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు, ఎందుకంటే గొంతు కూడా అదే ట్యూన్‌లో నడుస్తుంది. మిగిలినవాటికి పల్లవి దగ్గర అయిదు సెకన్లు వినడమే దారి.

దీనికి తలకిందులుగా, ఉన్న డూప్లికేట్‌ను వదిలేసేది క్యాసెట్ కాపీ. ఒక పాట సీడీ కాపీ 4 నిమిషాల 40 సెకన్లు, క్యాసెట్ నుంచి తీసినది 4 నిమిషాల 32 సెకన్లు. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు క్యాసెట్‌ను వాయించిన టేప్‌రికార్డర్ కాస్త వేగంగా తిరిగిందన్నమాట. 280ని 272తో భాగిస్తే దాదాపు మూడు శాతం ఎక్కువ వేగం. విడిగా వింటే తేడా పెద్దగా తెలియదు కానీ శ్రుతి ఒక స్వరస్థానంలో సగం మేర పైకి జరిగింది. పన్నెండు గళ్ల లెక్కలో ఆ స్వరం రెండు గళ్ల మధ్యన పడింది. పైగా పాట నడిచేకొద్దీ టైమింగ్ కూడా జారిపోతుంది. ఫైల్ 44,100 హెర్ట్జ్‌దైతే, 272/280తో గుణించి వేగం సరిచేయొచ్చు:

```
ffmpeg -i kaset.mp3 -af "asetrate=42840,aresample=44100" sari.wav
```

ఇలా చేశాక ఆ రెండూ కలిశాయి.

ఏది ఉంచాలన్నది మాత్రం ఫింగర్‌ప్రింట్ చెప్పదు. ముందు నిడివి చూడండి, డౌన్‌లోడ్ మధ్యలో ఆగిన పాట కూడా మొదటి రెండు నిమిషాలకు చక్కగా కలుస్తుంది. పెద్ద ఫైల్ మంచిదని కూడా నమ్మొద్దు. 128ని మళ్లీ 320గా మార్చిన దొంగ కాపీలు మన దగ్గర తక్కువేం కాదు. ధ్వనిని బొమ్మగా చూపే స్పెక్ ప్రోగ్రామ్‌లో తెరిస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు పైదంతా నల్లగా కనిపిస్తే అనుమానించాల్సిందే.

తీసేయాల్సినవన్నీ వేరే ఫోల్డర్‌లోకి జరిపి మామకు చూపించాను. ఆ క్యాసెట్ కాపీ మాత్రం వెనక్కి తెచ్చిపెట్టమన్నాడు. "ఊరేగింపుకు ఆ స్పీడే బాగుంటుంది అల్లుడూ, రెండూ ఉండనీ" అన్నాడు.