హ్యాండోవర్ బుక్: నాలుగేళ్లు వాడినంక

నల్లగొండలో 28 గదుల హోటల్, రిసెప్షన్‌లో రోజుకు మూడు షిఫ్టులు. పొద్దున 6కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 10కి మనిషి మారతాడు. మారేటప్పుడు చేతికిచ్చే కాగితం గురించే ఈ సమీక్ష. మేం వాడుతున్నది ప్రెస్సులో అచ్చు వేయించుకున్న డూప్లికేట్ బుక్, 100 జతల కాగితాలు, కార్బన్ పెట్టి రాసేది. రోజుకు మూడు జతల లెక్కన ఒక బుక్ 33 రోజులు వస్తుంది. పై కాగితం మేనేజర్‌కు పోతుంది, కింది కాపీ కౌంటర్‌లోనే ఉంటుంది. పేజీలో మూడు భాగాలు: గదులు, నగదు, మిగిలిన పనులు. మొదట వేయించిన నమూనా ఇప్పుడు లేదు. రెండుసార్లు మార్చినంకనే ఇది పనికొచ్చింది.

మొదటి మార్పు గదుల భాగంలో. పాత నమూనాలో 101 నుంచి వరుసగా గది నంబర్లు, ఎదురుగా ఖాళీ, నిండు, క్లీనింగ్ అని టిక్కు. చూడడానికి శుభ్రంగా ఉండేది కానీ మన ఊళ్లల్లో నడిచేది 24 గంటల చెక్ అవుట్. మధ్యాహ్నం 12కి అందరూ ఖాళీ చేసే పద్ధతి కాదు కాబట్టి ప్రతి గదికీ దాని గడువు దానిదే. తెల్లవారుజామున 5:40కి రైలు దిగి వచ్చినాయన గడువు మర్నాడు 5:40కి తీరుతుంది. అంటే సరిగ్గా షిఫ్టు మారే 20 నిమిషాల ముందు. నైట్ షిఫ్టు వాళ్లు ఇంటికి పోయే తొందరలో ఉంటరు, పొద్దున వచ్చినవాళ్లకు ఆ గది "నిండు" అని కనిపిస్తది. తొమ్మిదింటికి కస్టమర్ బ్యాగు పట్టుకొని కిందికి దిగుతడు. రెండో రోజు అద్దె అడిగితే "నన్నెవరూ అడగలేదు కదా" అంటడు. ఆయన మాటలో తప్పులేదు.

అందుకే ఇప్పుడు ఆ భాగంలో గది నంబర్ వరుస లేదు, గడువు టైం వరుస ఉంది. రాబోయే షిఫ్టు ఎనిమిది గంటల్లో గడువు తీరే గదులు మాత్రమే, ముందు తీరేది పైన. ఎదురుగా "అడిగామా" అనే గడి. షిఫ్టు మారే వేళకు గంట ముందు, గంట తర్వాత తీరేవి ఏవైనా ఉంటే దిగిపోయే మనిషే గదికి ఫోన్ చేసి ఉంటారా, ఖాళీ చేస్తారా అని అడిగి ఆ జవాబు రాయాలి. నాలుగేళ్లలో డబ్బు పోకుండా కాపాడిన గడి ఏదంటే ఇదే అంటాను.

గది స్థితి రాసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. కంప్యూటర్ ఒకటి చెబుతుంది, తాళాల బోర్డు ఇంకోటి చెబుతుంది, రూమ్ బాయ్ మూడోది చెబుతాడు. తాళం బోర్డు మీద లేనంత మాత్రాన గదిలో మనిషి ఉన్నట్టు కాదు. క్లీనింగ్ పిల్లగాని జేబులో ఉండొచ్చు, కస్టమర్ ఊర్లోకి తీసుకుపోయి ఉండొచ్చు. "206 అయిపోయింది సార్" అని రూమ్ బాయ్ అన్నాడంటే ఊడ్చి దుప్పటి మార్చినట్టు. బాత్రూం నేల ఆరిందా, టవల్స్ పెట్టారా, గీజర్ పనిచేస్తుందా అన్నది ఆ మాటలో లేదు. కాబట్టి "రెడీ" అని రాసిన ప్రతి గదికీ పక్కన ఎవరు చూశారు, ఎన్నింటికి చూశారు అన్నది రాస్తాం. "206 రెడీ, సూపర్‌వైజర్ 21:20". పక్కన పేరు, టైం లేని గదిని కొత్త షిఫ్టు అమ్మదు, ముందు మనిషిని పైకి పంపి చూపిస్తుంది.

రిపేర్‌లో పెట్టిన గదికి కూడా ఇదే పద్ధతి. "303 బ్లాక్" అని ఒక్క ముక్క రాస్తే ఆ గది మూడు రోజులు అట్లనే పడి ఉంటుంది, ఎందుకు బ్లాక్ చేశారో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. "303, గీజర్ వేస్తే ఎంసీబీ పడిపోతుంది, ఎలక్ట్రీషియన్ 11:00కి వస్తానన్నాడు, నాన్ ఏసీ కింద కూడా ఇవ్వొద్దు" అని రాస్తే పదకొండున్నరకు అతనికి ఫోన్ చేయాలన్నది కొత్త మనిషికి దానంతటదే తెలుస్తుంది.

ఇక నగదు. సాఫ్ట్‌వేర్ షిఫ్ట్ రిపోర్ట్ తీసి ఆ అంకెకు తగ్గట్టు నోట్లు లెక్కపెట్టడం అందరూ చేసే తప్పు. కళ్లకు అంకె తెలిసినంక చెయ్యి ఆ అంకె దగ్గరే ఆగుతుంది. మా దగ్గర ముందు ఇద్దరూ కలిసి డ్రాయర్ లెక్కపెడతారు, నోట్ల వారీగా పేజీలో రాస్తారు, ఆ తర్వాతే రిపోర్ట్ తెరుస్తారు. ఒక రాత్రి 10 గంటల పేజీ నమూనాగా ఇదీ.

మధ్యాహ్నం అందుకున్న చిల్లర నిల్వ 5,000. నగదుగా వచ్చినవి: 204 అడ్వాన్స్ 2,000, 301 అడ్వాన్స్ 3,000, 206 అడ్వాన్స్ 2,000, 107 ఖాళీ చేస్తూ కట్టిన బాకీ 1,360. మొత్తం 13,360. ఖర్చులు: బట్టల మూటకు ఆటో 150, వాటర్ క్యాన్లు 180, ప్లంబర్ 400, కలిపి 730. రాత్రి 8కి మేనేజర్‌కు అప్పజెప్పింది 5,000, సంతకం ఉంది. డ్రాయర్‌లో ఉండాల్సింది 7,630.

లెక్కపెడితే 500లు తొమ్మిది, 200లు ఆరు, 100లు పదమూడు, 50లు నాలుగు, 20లు నాలుగు, 10లు మూడు. మొత్తం 7,310. తక్కువైంది 320.

ఇక్కడ కంగారుపడి జేబులోంచి వేసి సరిచేయొద్దు. 320 అన్న అంకే కారణం చెబుతుంది. ఏసీ గది అద్దె 1,600, దాని మీద 5 శాతం జీఎస్టీ 80, బిల్లు 1,680. అడ్వాన్స్ 2,000 తీసుకుంటాం కాబట్టి ఒక్కరోజు ఉండి పోయే కస్టమర్‌కు తిరిగిచ్చేది ఎప్పుడైనా 320. నాన్ ఏసీ 1,200 అయితే బిల్లు 1,260, తిరిగిచ్చేది 740. డ్రాయర్ సరిగ్గా 320 గానీ 740 గానీ తక్కువ చూపిస్తే, తిరిగిచ్చిన అడ్వాన్స్ ఒకటి రాయలేదని ముందు అనుమానించాలి. ఆ రోజు ఖాళీ అయిన గదులు చూస్తే 110 దొరికింది. ఆయన అడ్వాన్స్ ఫోన్‌పేలో కట్టిండు, మిగిలిన 320 చేతికి నగదు ఇచ్చారు. సాఫ్ట్‌వేర్‌లో ఆ బిల్లు మొత్తం యూపీఐ కింద ముగిసిపోయింది, నగదు బయటికి పోయినట్టు ఎక్కడా పడలేదు. డబ్బు యూపీఐలో వచ్చి నగదులో తిరిగి పోయే చోటే ఎక్కువసార్లు తేడా వస్తుంది. రెండో మార్పులో "తిరిగిచ్చిన అడ్వాన్సులు" అని విడిగా నాలుగు వరుసలు, పక్కన కస్టమర్ సంతకం గడి పెట్టించింది ఇందుకే.

డ్రాయర్ 320 ఎక్కువ చూపిస్తే కథ తిరగబడిందన్నమాట. తిరిగిచ్చినట్టు రాశారు, కస్టమర్ టిఫిన్‌కు పోయి ఇంకా తీసుకోలేదు. ఆ డబ్బు కవర్‌లో పెట్టి గది నంబర్ రాసి అప్పజెప్పాలి, అమ్మకంలో కలపొద్దు. తేడా 9తో భాగించబడితే అంకెలు తారుమారు చేసి రాశారేమో చూడాలి. 1,360ని 1,630 అని రాస్తే తేడా 270.

యూపీఐ వసూళ్లకు స్క్రీన్‌షాట్ చూసి "వచ్చింది" అని రాయకూడదు. సౌండ్ బాక్స్ నెట్ లేక మూగబోయి ఉంటే మరీ జాగ్రత్త. 12 అంకెల రెఫరెన్స్ నంబర్‌లో చివరి నాలుగు, హోటల్ ఖాతా యాప్‌లో కనబడినంకనే రాస్తాం. కనబడకపోతే "చూడాలి" అని మిగిలిన పనుల్లోకి పోతుంది, కస్టమర్ గడువు టైంతో సహా.

మిగిలిన పనుల భాగం అచ్చులో చిన్నదే, వాడకంలో పెద్దది. "205కు పొద్దున్నే ఆటో" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. మేం రాసేది ఇట్లా: "205, 14వ తేదీ 04:15కి ఫోన్ చేసి లేపాలి, ఎత్తకపోతే తలుపు కొట్టాలి. 04:40కి స్టేషన్‌కు ఆటో, ఆటో అన్నతో మాట్లాడినం, నంబర్ బోర్డు మీద ఉంది. బిల్లు రాత్రే కట్టిండు." తేదీ ఎందుకంటే, నైట్ షిఫ్టులో 12 దాటినంక "రేపు" అనే మాట పనిచేయదు. రాత్రి 12:30కి కస్టమర్ "రేపు నాలుగింటికి" అంటే ఇంకో మూడున్నర గంటల్లో అని ఆయన లెక్క. కాగితం చదివే మనిషి ఆ మర్నాడు అనుకుంటడు. బుక్‌లో "రేపు", "ఎల్లుండి" రాయొద్దని, టైం 24 గంటల లెక్కలోనే రాయాలని మా కౌంటర్‌లో నియమం.

మాఘం పెళ్లిళ్లప్పుడు, చెర్వుగట్టు అమావాస్యకు జనం వచ్చినప్పుడు ఈ భాగం సరిపోదు. పెళ్లివాళ్లు ఎనిమిది గదులు ఒకే పేరు మీద తీసుకుంటారు. రాత్రి పదకొండుకు ఒకాయన "ఇంకో నాలుగు పరుపులు వేయండి తమ్మీ, మామ కడతడు" అంటడు. మామ పొద్దున నేను చెప్పలేదంటడు. గుంపుగా వచ్చినవాళ్లకు వేరే కాగితం పిన్ చేసి, డబ్బులు కట్టే మనిషి ఎవరు, అదనపు పరుపుకు, భోజనానికి ఎవరి మాట చెల్లుతుంది అన్నవి చెక్ ఇన్ అప్పుడే రాసి ఆయన సంతకం తీసుకుంటే ఆ గొడవ ఉండదు. పరుపు ఇచ్చిన ప్రతిసారీ గది, టైం, అడిగిన మనిషి పేరు.

అయిపోయిన పనిని కొట్టివేయొద్దు, పక్కన టైం వేసి పొట్టి సంతకం పెట్టాలి. కాని పనిని పాత పేజీలో వదిలేయకుండా కొత్త పేజీ మొదట్లో మళ్లీ రాయాలి. చేతి నొప్పి అనిపిస్తుంది గానీ, ఒకే పని మూడు పేజీల్లో కనబడితే మేనేజర్ అడగకుండా ఉండడు.

మధ్యలో ఆరు నెలలు బుక్ ఆపి వాట్సాప్ గ్రూప్‌తో నడిపి చూశాం. గది లీకేజీ ఫోటో పంపడానికి దానంత మంచిది లేదు, ఇప్పటికీ వాడతాం. అప్పగింతకు మాత్రం పనికిరాలేదు. వాయిస్ మెసేజ్‌లో చెప్పిన గది నంబర్ వెతికితే దొరకదు, నీలి టిక్కు పడినా పని తీసుకున్నట్టు కాదు. కస్టమర్ల ఆధార్ ఫోటోలు గ్రూప్‌లో పడడం మొదలైనంక పూర్తిగా మానేశాం.

బుక్‌లో లోపాలూ ఉన్నాయి. కార్బన్ పాతబడితే కింది కాపీలో 1, 7 ఒకటేలాగా కనిపిస్తాయి, అందుకే పది పదిహేను పేజీలకోసారి కార్బన్ మార్చాలి, బాల్‌పెన్నే వాడాలి. ఇద్దరూ ఎదురెదురుగా ఉంటేనే ఇది నడుస్తుంది. వచ్చేవాళ్లు ఆలస్యమై పోయేవాళ్లు డ్రాయర్ తాళం వేసి వెళ్లిన రోజు నగదు గడులు ఖాళీగానే ఉంటాయి, అప్పుడు మేనేజర్ వచ్చి లెక్కపెట్టాల్సిందే. మొత్తం అప్పగింతకు మామూలు రోజుల్లో 15 నిమిషాలు, పెళ్లిళ్ల రోజుల్లో అరగంట పడుతుంది. ఆ టైం జీతంలో లెక్కకట్టకపోతే పిల్లలు పేజీ నింపకుండానే సంతకాలు పెట్టేస్తారు. మా దగ్గర వచ్చే షిఫ్టు 15 నిమిషాల ముందు వస్తుంది, ఆ పావుగంట హాజరులో పడుతుంది.

కొత్తగా వేయించుకునేవాళ్లు 28 గదుల కంటే ఎక్కువ ఉంటే గడువు వరుసలు పన్నెండు కాకుండా ఇరవై పెట్టించుకోండి. మా పేజీలో జాతర రోజు పన్నెండు చాలక మార్జిన్‌లో రాయాల్సి వస్తోంది, మార్జిన్‌లో రాసినవే తప్పిపోతున్నాయి.