రెండు జవాబులు, ఒకే గడువు

దసరాకు ముందు సూరత్ నుంచి ఇద్దరు వ్యాపారులు చెరో 200 చీరలు పంపవలసి ఉండగా, ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాను: సరుకు ఎప్పుడు బయలుదేరుతుంది?

మొదటివారు ఇలా రాశారు: “తప్పకుండా సార్, మీ ఆర్డరే ముందు చూస్తున్నాం, వచ్చే వారం పంపించేస్తాం, మీరు నిశ్చింతగా ఉండండి.” మర్యాదకు లోటు లేదు గానీ, ఇందులో ఎన్ని చీరలు సిద్ధమయ్యాయో, పని ఎక్కడ ఆగిందో, ఏ రోజు లారీకి ఎక్కుతాయో లేదు.

రెండవవారి జవాబు కాస్త పొడిగా ఉంది: “140 ప్యాకింగ్ అయ్యాయి. 60 అద్దకం యూనిట్ నుంచి గురువారం రావాలి. శుక్రవారం ట్రాన్స్‌పోర్టులో వేస్తాం. అద్దకం ఆలస్యమైతే 140 మాత్రమే పంపుతాం.” ఆలస్యాన్ని ముందే ఒప్పుకున్న ఈ మాటనే నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే దీన్ని గురువారం సాయంత్రం ఒక్క ఫోనుతో సరిచూడవచ్చు.

మొదటివారిని మళ్లీ అడిగితే, సరుకు రవాణాకు ఉండవలసిన జీఎస్టీ పత్రం, ఈ-వే బిల్లు పంపారు. అయితే అందులో సరుకు వివరాలుండే పార్ట్-ఏ మాత్రమే ఉంది; సరుకు గోదాములో ఉండగానే దాన్ని తయారుచేయవచ్చు. పార్ట్-బీలో లారీ నంబరు చేరాకే బిల్లు రవాణాకు చెల్లుతుంది, గడువు లెక్కా అప్పుడే మొదలవుతుంది. అందుకే లారీ నంబరు, ట్రాన్స్‌పోర్టు రసీదు నంబరు అడిగాను. “చూసి చెప్తాం సార్” అన్నారు. ఆ సాయంత్రమే మిగిలిన బేరాన్ని రెండవవారికి మార్చాను.