అనువాదం చేసేటప్పుడు మూలంలో అనుమానం వస్తే అడగాలా, మనమే తేల్చేయాలా: ఏది మేలు?

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి బెంగళూరు వచ్చేవాళ్లు చాలామంది. అందుకే ఇక్కడ కొత్త మందుల ట్రయల్స్ జరిగినప్పుడు సమ్మతి పత్రం కన్నడతో పాటు తెలుగులోనూ కావాల్సి వస్తుంది. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఆ పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. మారతహళ్లిలో ఇంటి నుంచే నేను ఈ అనువాదాలు చేస్తుంటాను. ఆమధ్య ఒక పత్రంలో ఒకే ఒక్క వాక్యం దగ్గర సాయంత్రమంతా కూర్చుండిపోయాను.

గర్భం వచ్చినా, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా డాక్టరుకు చెప్పమని ఆ ఇంగ్లీషు వాక్యం. చివర్లో ‘వితిన్ 30 డేస్ ఆఫ్ ద లాస్ట్ డోస్’ అని తగిలించారు. ఆ 30 రోజులు రెండింటికీనా, దద్దుర్లకేనా? ఇంగ్లీషులో ఆ మాట చివర ఉంది కాబట్టి ఎటైనా చదవొచ్చు. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. గడువు మనకు ముందు వస్తుంది. “చివరి డోసు తీసుకున్న 30 రోజుల్లోపు మీకు గర్భం వచ్చినా, దద్దుర్లు వచ్చినా చెప్పండి” అంటే రెండింటికీ వర్తిస్తుంది. “మీకు గర్భం వచ్చినా, చివరి డోసు తీసుకున్న 30 రోజుల్లోపు దద్దుర్లు వచ్చినా చెప్పండి” అంటే దద్దుర్లకు మాత్రమే. రెండో రకంగా చదివితే, గర్భం ఎప్పుడు వచ్చినా చెప్పాల్సిందే.

నా ముందు మూడు దారులున్నాయి. మొదటిది, అనుమానాన్ని అలాగే ఉంచడం. కొన్నిచోట్ల ఇదే మేలు. అదే పత్రంలో ‘బ్రదర్ ఆర్ సిస్టర్’ అని ఉంటే అన్నా తమ్ముడా, అక్కా చెల్లా అని క్లయింటును అడగలేదు. ‘తోబుట్టువులు’ అన్నాను, సరిపోయింది. కానీ గడువు విషయంలో ఇది కుదరలేదు. 30 రోజుల మాటను వాక్యం చివరికి, ‘చెప్పండి’ పక్కకు జరిపి చూశాను. అప్పుడు “30 రోజుల్లోపు వచ్చి చెప్తే చాలు” అనే మూడో అర్థం పుట్టుకొచ్చింది. రోగి ఆగి, నెలాఖరుకు చెప్పినా తప్పు లేదనుకుంటాడు. అది అసలు మూలంలోనే లేని ప్రమాదం.

రెండో దారి, నేనే ఒకటి ఎంచుకుని కారణం రాసిపెట్టడం. పని అప్పగించాల్సిన రోజు దగ్గరపడితే చాలామంది చేసేది ఇదే, నేనూ చేస్తాను. కాకపోతే తప్పు జరిగితే ఎవరికి ఏమవుతుందో ముందు చూసుకుంటాను. శీర్షికలో ఒక పదం విషయమైతే ఫర్వాలేదు. ఇక్కడ నేను తప్పుగా ఎంచుకుంటే ఒక గర్భిణి డాక్టరుకు చెప్పకుండా ఉండిపోవచ్చు. ట్రయల్ ఎలా జరపాలో చెప్పే ప్రోటోకాల్ నా చేతిలో ఉంటే అందులో వెతికేదాన్ని, పని ఇచ్చిన ఏజెన్సీ పంపలేదు.

కాబట్టి మూడోది, అడగడం. ఏజెన్సీలో ప్రాజెక్టు చూసే కర్నూలు కుర్రాడికి టెన్షన్. “అక్కా, మరీ ప్రశ్నలు పంపితే మనకు పని రాదనుకుంటారేమో” అన్నాడు. అతని భయం అర్థమైంది. “ఈ వాక్యం స్పష్టంగా లేదు, వివరించండి” అని రాస్తే క్లయింటు నుంచి సాధారణంగా “మూలాన్ని అనుసరించండి” అని మాత్రమే వస్తుంది, ఒక రోజు పోతుంది. తెలుగు రాని మనిషి ఒక్క అక్షరంతో జవాబు ఇవ్వగలిగేలా ప్రశ్న ఉండాలి. నేను పంపింది ఇలా ఉంది: పేజీ 6, రెండో పేరా. ఎ: 30 రోజుల గడువు గర్భానికీ దద్దుర్లకూ వర్తిస్తుంది. బి: దద్దుర్లకు మాత్రమే, గర్భం ఎప్పుడు వచ్చినా చెప్పాలి. తెలుగులో రెండూ వేర్వేరు వాక్యాలు అవుతాయి. గురువారం సాయంత్రంలోగా జవాబు రాకపోతే, రోగికి ఎక్కువ రక్షణ ఉన్న ‘బి’ ప్రకారం వెళ్లి, ఆ విషయం నోట్‌లో రాస్తాను.

ఆ చివరి మాట ముఖ్యం. జవాబు రాకపోయినా పని ఆగదు, మౌనం వల్ల ఏం జరుగుతుందో వాళ్లకు తెలుస్తుంది. ఆ పత్రం మొత్తంలో నేను అడిగినవి మూడే ప్రశ్నలు, అవీ ఒకేసారి. రోగి చేసే పని మారనిచోట అడగలేదు.

మర్నాడు జవాబు వచ్చింది: ‘ఎ’. నేను అనుకున్నది కాదు. అంతేకాదు, ఇంగ్లీషు వాక్యాన్నే మార్చి 30 రోజుల మాటను వాక్యం మొదట్లోకి తెచ్చారు. ఆ జవాబు కన్నడ అనువాదకురాలికీ వెళ్లింది, కన్నడలోనూ గడువు ముందే వస్తుంది కదా. ఆమె గడువును దద్దుర్లకే పెట్టి పత్రం అప్పటికే అప్పగించేశారు. అడగకుండా నేను ‘ఎ’ రాసి ఉంటే, ఒకే ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీది రోగులకు రెండు వేర్వేరు సూచనలు అందే వీలుండేది, ‘బి’ రాసి ఉంటే రెండు పత్రాలూ తప్పయ్యేవి.

అడిగినా, అడగకపోయినా రాసిపెట్టడం మాత్రం మానను. ఎక్సెల్‌లో ఒక్కో నిర్ణయానికి ఒక్కో వరుస: పేజీ, మూలంలో మాట, సాధ్యమైన అర్థాలు, ఎంచుకున్నది, కారణం, ఎవరు ఏ తేదీన ఒప్పుకున్నారు. వర్డ్ ఫైలు పక్కన వ్యాఖ్యలుగా పెడితే అప్పగించేముందు తీసేస్తారు, అందుకే వేరే ఫైలు. తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి అనువదించి పోల్చేవారు ‘తోబుట్టువులు’ దగ్గర ఆగి, మూలంలో ఈ మాట లేదేమని అడిగారు. ఆ వరుస చూపించగానే ఐదు నిమిషాల్లో తేలిపోయింది.