నిలువెత్తు ఫోటో చూసి కోటు, ప్యాంటు పొడవులు నిర్ణయించుకోవడం: నాలుగేళ్ల వాడుక తర్వాత

నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. నాలుగేళ్ల క్రితం తమ్ముడి పెళ్లికి నల్లగొండలో కొన్న రెడీమేడ్ కోటు భుజాల దగ్గర చక్కగా సరిపోయింది కానీ, పెళ్లి ఫోటోల్లో చూసుకుంటే నా కాళ్లు మోకాళ్ల నుంచే మొదలైనట్టు కనిపించాయి. దుకాణంలోని అద్దం ఆ సంగతి చెప్పలేదు, ఎందుకంటే అద్దం ముందు మనం అంచు చూసుకోవడానికి తల వంచుతాము, తల వంచగానే కోటు ముందు భాగం కిందికి జారుతుంది, వెనుక భాగం పైకి లేస్తుంది. అప్పటి నుంచి నేను ఏ బట్టలనైనా నిలువెత్తు ఫోటో చూసిన తర్వాతే మాస్టర్‌కు ఇస్తున్నాను.

ఈ పద్ధతి మంచిచెడులన్నీ ఫోటో తీసే తీరులోనే ఉన్నాయి. ఫోన్‌ను 10 అడుగుల దూరంలో, బొడ్డు ఎత్తున, ఏ వైపూ వంచకుండా నిలబెట్టాలి. మనిషి కంటి ఎత్తున పట్టుకుని దగ్గరి నుంచి తీస్తే కాళ్లు పొట్టిగా వస్తాయి, నేల దగ్గర పెట్టి తీస్తే పొడవుగా వస్తాయి, ఆ రెండింటినీ నమ్మి బట్ట కోయించడం ప్రమాదం. ఆ బట్టలతో వేసుకోబోయే బూట్లే వేసుకుని, చేతులు వదిలేసి, ఎదురుగా చూస్తూ నిలబడాలి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వెనుక నుంచి ఒకటి చాలు.

కొలత కోసం దర్జీ టేపును గోడకు అతికించి దాని ముందు నిలబడటం నేను మొదట్లో చేసిన పొరపాటు. గోడకు అర అడుగు ముందు నిలబడినా, టేపు మనకంటే దూరంగా ఉంటుంది కాబట్టి ఫోటోలో చిన్నదిగా పడుతుంది, దాంతో 28 అంగుళాల కోటు దాదాపు 29½ అంగుళాలుగా కనిపిస్తుంది. ఇప్పుడు టేపును ద్వారబంధానికి అతికించి, సరిగ్గా గడప మీద, టేపుకు సమంగా నిలబడుతున్నాను.

నా కోటు లెక్క ఇలా తేలింది. వెనుక ఫోటోలో మెడ కింద, కాలరు మొదలయ్యే చోటు నుంచి నేల వరకు బూట్లతో కలిపి 55 అంగుళాలు. అందులో సగం 27½. కోటు పొడవు ఆ సగానికి దగ్గరగా ఉండి, పిరుదులను కప్పితే పైభాగం, కాళ్లు సమంగా కనిపిస్తాయి. నా కోటు 29½ ఉంది. రెండు అంగుళాలూ తీసేయమన్నాను. మాస్టర్ ఒప్పుకోలేదు. “అంత కోస్తే జేబులు అంచుకొస్తయి సార్, ఒక్క ఇంచు తీద్దాం” అన్నారు. నేను పట్టుబట్టి వేరే దుకాణంలో కోయించుకున్నాను, ఆయన చెప్పినట్టే జేబు మూతలు కింది అంచుకు ఆనుకున్నట్టు మిగిలిపోయాయి, ఆ కోటు మళ్లీ వేసుకోలేకపోయాను. కోటు అంచు తగ్గించినా జేబులు, గుండీలు ఉన్నచోటే ఉంటాయి కాబట్టి, ఒక అంగుళానికి మించి తగ్గించాల్సి వస్తే ఆ కోటు కొనకపోవడమే మేలని నా అనుభవం.

ప్యాంటు విషయంలో పక్క ఫోటోనే ముఖ్యం. నా పాత ప్యాంటులో బూటు మీద మూడు మడతలు పడ్డాయి, ప్రతి మడతా పిక్క పొడవును కొంత మింగేసింది. ఒకటిన్నర అంగుళం తగ్గించి, ముందు అంచు లేసులను తాకీతాకనట్టు, వెనుక అంచు అర అంగుళం కిందికి ఉండేలా ఏటవాలుగా కుట్టించాక కాలు ఒకే గీతలా నిలిచింది. కాటన్ ప్యాంటైతే ముందు ఒకసారి ఉతికి ఆరేసి ఫోటో తీసుకోవాలి, లేకపోతే ఆ తర్వాత పొట్టిదవుతుంది.

చేతుల పొడవు దగ్గరే ఈ పద్ధతి బలహీనం. మోచేయి కొంచెం వంగినా కోటు చేయి పైకి జరుగుతుంది. మణికట్టు ఎముక దగ్గర కోటు ఆగి, చొక్కా కఫ్ అర అంగుళం కనిపిస్తోందా లేదా అన్నంత వరకే ఫోటోను నమ్ముతాను, కోయడానికి మాత్రం మాస్టర్ ఒంటి మీద పెట్టిన సుద్ద గుర్తే ప్రమాణం.

మా తమ్ముడు 6 అడుగుల 1 అంగుళం. వాడికి సమస్య తిరగబడింది. చేతులు వదిలేస్తే బొటనవేలి కణుపు దగ్గరికి కోటు రావాలని దుకాణాల్లో చెప్పే గుర్తు వాడికి అసలు పనికిరాదు, వాడి చేతులు మరీ పొడవు. వెనుక ఫోటోలో మెడ నుంచి నేలకు 64 అంగుళాలు వచ్చింది, అంటే కోటు 32 దాకా ఉండాలి, వాడు చూసిన రెడీమేడ్ కోటు 30½ మాత్రమే, పిరుదులు సగం బయటే ఉన్నాయి. పొడవు తగ్గించడానికి కొంతైనా వీలుంటుంది కానీ, పెంచడానికి లోపల మడిచి వదిలిన బట్టే ఆధారం, ఆ కోటులో అది అర అంగుళానికి కూడా చాలలేదు. దాంతో వాడు ఆ కోటు వదిలేసి, బట్ట తీసుకుని 32 అంగుళాలకు కుట్టించుకున్నాడు, ప్యాంటుకు మాత్రం బూటు మీద ఒక మెత్తని మడత ఉంచుకున్నాడు.