మామిడి ఏడాది విడిచి ఏడాది కాస్తుంటే: కత్తిరింపా, వేళ్లకు మందా, పిచికారీనా?

ఒక ఏడాది విరగకాసి, మరుసటి ఏడాది ఆకులతో మాత్రమే నిలబడే మామిడి చెట్టుకు మూడు ఉపాయాలు చెబుతారు. మొదటిది కోత ముగియగానే కొమ్మల కొసలు కత్తిరించడం, రెండోది పెరుగుదలను అదుపుచేసే పాక్లోబ్యుట్రజాల్ అనే మందును వేళ్లకు పోయడం, మూడోది ఆకులపై పొటాషియం నైట్రేట్ చల్లడం. ఒకదానికి బదులు మరొకటి వాడుకోవచ్చనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఈ మూడూ పూతకు ముందుండే మూడు వేర్వేరు దశల్లో పనిచేస్తాయి.

పూతను పిలిచే సంకేతం ముదిరిన ఆకుల్లో తయారవుతుంది. చలి రాత్రులు దానికి బలాన్నిస్తాయి, చలి తక్కువగా ఉన్నచోట రెమ్మ వయసే ఆ లోటును కొంత తీర్చాలి. దానికి ఎదురు నిలిచేది జిబ్బరెల్లిన్ అనే హార్మోను. పెరుగుతున్న టెంకలలోని గింజల్లోనూ లేత చిగుళ్లలోనూ ఇది ఎక్కువగా ఉండి, మొగ్గను పూత వైపు కాక ఆకు వైపు మళ్లిస్తుంది. కాపు ఏడాది చెట్టుకు దెబ్బ రెండు వైపుల నుంచి తగులుతుంది: కాయల వల్ల జిబ్బరెల్లిన్ పెరుగుతుంది, పిండిపదార్థం ఖర్చైపోవడం వల్ల కోత తరువాతి చిగురు ఆలస్యమవుతుంది. ఆలస్యంగా వచ్చిన రెమ్మ పూత వేళకు ముదరదు. కాపులేని ఏడాదికి బీజం ఈ ఆలస్యంలోనే ఉంటుంది.

కత్తిరింపు సరిచేసేది సరిగ్గా దీన్నే. కోత ముగిసిన రెండు మూడు వారాల్లోపు, కాయలు కాసిన కొసలను పాత పూగెల మొదలుతో సహా పది పదిహేను సెంటీమీటర్ల మేర తీసివేసి, వెంటనే ఎరువు వేసి నీరు పెడితే, చెట్టంతా దాదాపు ఒకేసారి చిగురిస్తుంది. ఆ రెమ్మలు ముదరడానికి నాలుగైదు నెలలు కావాలి. కనుక ఆలస్యంగా కోతకు వచ్చే రకాల్లో, పూత కాలానికి అంత గడువు లేనప్పుడు, చెట్టు మొత్తాన్ని కత్తిరిస్తే ఉన్న పూతను కూడా పోగొట్టుకుంటాము. అలాంటి చెట్టులో సగం కొమ్మలనే కత్తిరించి, మిగతా సగాన్ని మరుసటి ఏడాదికి వదలడం నాకు మేలనిపిస్తుంది. అప్పుడు ఏటా ఏదో ఒక సగానికి ముదిరిన రెమ్మలుంటాయి.

పాక్లోబ్యుట్రజాల్ దారి వేరు. చెట్టు జిబ్బరెల్లిన్ తయారుచేసుకునే ప్రక్రియనే అది అడ్డుకుంటుంది. రెమ్మలు సకాలంలో వచ్చి కూడా, చెట్టు ఏపుగా పెరుగుతూ మళ్లీ మళ్లీ చిగురిస్తూ పూయకపోతే ఈ మందు అక్కరకు వస్తుంది. కొమ్మల గుబురు అడ్డుకొలత ఎనిమిది మీటర్లున్న చెట్టును తీసుకుందాం. మీటరుకు ఒక గ్రాము అసలు మందు చొప్పున ఎనిమిది గ్రాములు, అంటే లీటరుకు 250 గ్రాములుండే ద్రావణమైతే 32 మిల్లీలీటర్లు కావాలి. దాన్ని సుమారు పది లీటర్ల నీటిలో కలిపి, పూతకు మూడు నాలుగు నెలల ముందు, తేమగా ఉన్న నేలలో కాండం చుట్టూ తీసిన గాడిలో పోయాలి. నేల ఎండిపోతే వేళ్లు దాన్ని అందుకోలేవు. ఇది మట్టిలో చాలాకాలం నిలుస్తుంది కనుక, ఏటా అదే మోతాదు పోస్తే పూగెలలు కుచించుకుపోయి ముద్దలా వస్తాయి, కణుపుల మధ్య దూరం తగ్గి ఆకులు గుత్తుగా ఏర్పడతాయి. ఆ గుర్తులు కనిపించిన చెట్టుకు ఆ ఏడాది మందు ఆపాలి. బలహీనమైన చెట్టుకూ చిన్న చెట్టుకూ దీని జోలికే పోకూడదు.

పొటాషియం నైట్రేట్ పూతను పుట్టించదు, సిద్ధమై నిద్రిస్తున్న మొగ్గను లేపుతుంది, అంతే. ఫిలిప్పీన్స్‌లో రామోన్ బార్బా అనే శాస్త్రవేత్త 1970ల్లో కరబావో అనే మామిడి రకంపై దీన్ని నిరూపించాడు. ఒక శాతం ద్రావణమంటే లీటరుకు పది గ్రాములు. చల్లే ముందు ఆకును పిడికిట్లో నలపాలి: పెళుసుగా విరిగితే ముదిరినట్టు, మెత్తగా మడతపడితే ఇంకా లేతదన్నట్టు. లేత రెమ్మపై చల్లితే పూతకు బదులు ఆకే రావచ్చు. గాఢత పెంచితే ఆకు కొసలు మాడతాయి.

మూడింటిలో ఒక్కదానికే వీలుంటే నేను కత్తిరింపునే ఎంచుకుంటాను, ఎందుకంటే మిగతా రెండూ ముదిరిన రెమ్మ ఉందన్న నమ్మకంపై పనిచేస్తాయి, ఆ రెమ్మను సకాలంలో తెచ్చేది కత్తెరే. కత్తిరించాక కూడా చెట్టు రెండోసారి, మూడోసారి చిగురిస్తూ పోతే పాక్లోబ్యుట్రజాల్ వైపు చూడాలి. రెమ్మలు ముదిరి, పూత వేళ దాటుతున్నా మొగ్గ కదలకపోతే నైట్రేట్ చల్లాలి. నీలం, తోతాపురి వంటి ఏటా కాసే స్వభావమున్న రకాలకైతే ఈ మందుల అవసరం సాధారణంగా రాదు, దసేరి, లంగ్రా వంటివాటికే ఇంత లెక్క కావాలి.